కొత్త బ్రాంచికి దారి చూపే పిన్ను

కాకినాడలో పేరున్న ఒక కాజాల దుకాణం హైదరాబాద్ కూకట్‌పల్లిలో బ్రాంచి తెరుస్తోందనుకుందాం. యజమాని ముందుగా ఆహ్వాన పత్రిక వేయిస్తాడు. పైన వినాయకుడు, మధ్యలో ముహూర్తం, ఆ తర్వాత కుటుంబ సభ్యుల పేర్లు, అట్టడుగున చిన్న అక్షరాల్లో చిరునామా. ఆ కార్డు ఫొటోయే వాట్సాప్‌లో తిరుగుతుంది, శుభాకాంక్షలు వస్తాయి. సాయంత్రం కాజాలు కొనుక్కుందామని బయల్దేరిన మనిషి మాత్రం మెట్రో పిల్లర్ల పక్కన బండి ఆపి, "ఎక్కడండీ మీ షాపు?" అని ఫోన్ చేస్తాడు.

అందుకే పోస్టరు కన్నా ముందు మ్యాపులో పిన్ను పెట్టాలి. గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో పాత దుకాణం చిరునామాను మార్చకూడదు. మారిస్తే కాకినాడ కొట్టుకు వెళ్లాల్సినవాళ్లకు హైదరాబాద్ దారి చూపిస్తుంది. బ్రాంచికి వేరే ప్రొఫైల్ తెరిచి, రాబోయే ప్రారంభ తేదీని అందులో నమోదు చేయవచ్చు. ఆ తేదీకి 90 రోజుల ముందు నుంచే దుకాణం జనానికి కనిపించే వీలుంది. అయితే గూగుల్ ముందుగా దుకాణం నిజంగా అక్కడుందో లేదో సరిచూసుకుంటుంది. చాలాసార్లు వీడియో అడుగుతుంది. వీధి, బోర్డు, లోపలి సామాను అందులో కనిపించాలి. బోర్డును ఆఖరి రోజు కట్టించేవాళ్లు ఇక్కడే ఇరుక్కుపోతారు. పరిశీలనకు కొన్ని రోజులు పడుతుంది కాబట్టి బోర్డు పని ముందే ముగించుకోవడం మేలు.

పిన్ను ఎక్కడ పడిందన్నది ఇంకా ముఖ్యం. కూకట్‌పల్లి మెయిన్ రోడ్డు మధ్యలో మెట్రో లైను పోతుంది. పిన్ను రోడ్డుకు అవతలి వైపు పడిందంటే కస్టమరు దుకాణాన్ని కళ్లతో చూస్తూనే యూటర్న్ కోసం ముందుకు పోవాలి. వెనక సందులో పడితే షట్టరు వేసిన గోడ ముందు నిలబడతాడు. ఆ ప్రాంతం తెలియని ఒకరి చేతికి ఫోన్ ఇచ్చి, మ్యాపు చూసుకుంటూ బండి మీద రమ్మంటే తేడా వెంటనే బయటపడుతుంది.

ఇన్‌స్టాగ్రామ్ లొకేషన్ ట్యాగు దీనికి తోడు. చాలామంది పోస్టుకు 'హైదరాబాద్' అని ట్యాగు పెడతారు. నగరమంతటి ఫొటోల్లో అది కలిసిపోతుంది. దుకాణం పేరుతోనే ట్యాగు ఉంటే, వచ్చినవాళ్లు పెట్టే ఫొటోలు కూడా ఒకేచోట చేరతాయి. సాధారణంగా ఆ బ్రాంచి చిరునామాతో ఫేస్‌బుక్ పేజీ ఉంటే ఆ పేరు ట్యాగుల్లోకి వస్తుంది. బోర్డు మీద, మ్యాపులో, ట్యాగులో పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి.

ఇక ఆహ్వానం. ముహూర్తం తెల్లవారుజామున 5 గంటలకు ఉండొచ్చు, అమ్మకం 10 గంటలకు మొదలవ్వొచ్చు. కార్డులో ఒక్క సమయమే ఉంటే తొందరగా వచ్చినవాళ్లు పూజ చూసి వెనుదిరుగుతారు. కార్డుతోపాటు ఇలాంటి సందేశం వెళ్లాలి: "ఆదివారం ఉదయం 10 నుంచి అమ్మకాలు. ఫలానా మెట్రో పిల్లరు ఎదురుగా, మియాపూర్ వెళ్లే వైపు. బండ్లు పక్క సందులో పెట్టుకోవచ్చు." కింద మ్యాపు లింకు. వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ లిస్టులో 256 మందినే చేర్చగలం. దుకాణం నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే ఆ సందేశం చేరుతుంది. కాబట్టి పాత కొట్టులో బిల్లు ఇచ్చేటప్పుడే "నంబరు సేవ్ చేసుకోండి, హైదరాబాద్‌లో మీవాళ్లుంటే చెప్పండి" అనడం మొదలుపెట్టాలి. కాకినాడ కస్టమరు తన చెల్లెలికి పంపే మాటకున్న బలం ప్రకటనకు రాదు.

జనాన్ని రప్పించడానికి మరీ చవక ఆఫరు పెట్టడం ప్రమాదం. 2023 జూన్‌లో కరీంనగర్‌లో ఒక హోటల్ ప్రారంభం రోజున రూపాయి నోటుకు బిర్యానీ అని ప్రకటించింది. జనం పోటెత్తారు, ట్రాఫిక్ ఆగింది, పోలీసులు రంగంలోకి దిగాల్సి వచ్చింది. అంత రద్దీలో మళ్లీ వచ్చే కస్టమరెవరో పోల్చుకోవడం కూడా కష్టం. దానికి బదులు గంటకు ఇన్ని టోకెన్లని ముందే చెప్పి, మొత్తం ఎందరికో ఆహ్వానంలోనే రాస్తే ఆశపడి వచ్చినవాళ్లు నిరాశపడరు.

ప్రారంభం రోజు పెట్టే పోస్టులు ఇంకా బయల్దేరనివాళ్ల కోసం. రిబ్బను కత్తిరించే ఫొటో ఒకటి చాలు. ఆ తర్వాత పాకంలోంచి తీస్తున్న కాజా, క్యూ ఎంతుందో చూపే చిన్న వీడియో, "గొట్టం కాజా అయిపోయింది, 4 గంటలకు మళ్లీ వస్తుంది" అన్న స్టోరీ. ప్రతిదానికీ దుకాణం ట్యాగు ఉండాలి. మంచి రివ్యూ రాస్తే పావుకిలో ఉచితమని మాత్రం ప్రకటించకూడదు. గూగుల్ నియమాలు అందుకు ఒప్పుకోవు, ఆ రివ్యూలు తొలగిపోవచ్చు.

ఫలితం కొలవడానికి గల్లాపెట్టె దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టి, "ఎలా తెలిసిందండీ?" అని అడిగి గీతలు గీసుకుంటే సరిపోతుంది. ఎంతమంది దారి కోసం నొక్కారో గూగుల్ ప్రొఫైల్ కూడా చూపిస్తుంది. యజమాని లైకుల కన్నా ముందు చూసుకోవాల్సిన లెక్కలు ఈ రెండే.