వ్యాసంలో లేని మాటతో వెతికినా దొరికేలా

ఒక ఆరోగ్య వ్యాసం మొదటి నుంచి చివరి దాకా ‘గుండెపోటు’ అనే రాసింది. ఇంట్లో పెద్దాయనకి ఛాతీలో నొప్పి మొదలైతే మనవడు ఫోన్ తీసి ‘హార్ట్ ఎటాక్ వస్తే ఏం చేయాలి’ అని కొడతాడు. అక్షరాలు పోల్చి వెతికే పద్ధతికి ఆ వ్యాసం కనిపించదు, ఎందుకంటే అందులో ‘హార్ట్’ లేదు, ‘ఎటాక్’ లేదు. ఆ రెండు మాటలూ ఉన్నది 2014లో పూరి జగన్నాథ్ దర్శకత్వంలో నితిన్ నటించిన ‘హార్ట్ ఎటాక్’ సినిమా గురించిన పేజీలో. అదే పైకి వస్తుంది.

రాసేవాళ్ల మాట ఒకటి, వెతికేవాళ్ల మాట ఇంకొకటి కావడం అన్ని భాషల్లోనూ ఉన్న తంటానే. 1987లో అమెరికాలో ఫర్నాస్, ఆయన సహచరులు దీన్ని కొలిచి చూశారు. ఒకే వస్తువుకి పేరు పెట్టమంటే ఇద్దరు మనుషులు ఒకే మాట ఎంచుకునే అవకాశం నూటికి ఇరవై కన్నా తక్కువని తేలింది. మనం ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపి మాట్లాడతాం కాబట్టి ఈ తంటా మనకి ఇంకాస్త ఎక్కువ.

దీనికి గత కొన్నేళ్లలో దొరికిన మందు ఏమిటో తెలియాలంటే, ముందు వెతుకులాట లోపల ఎలా నడుస్తుందో చూడాలి. పెద్ద గ్రంథాల చివర పదసూచిక ఉంటుంది కదా, ఫలానా మాట ఫలానా పేజీల్లో ఉందని. సెర్చ్ ఇంజిన్‌లోని ఇన్వర్టెడ్ ఇండెక్స్ కూడా అలాంటిదే. ప్రతి మాటకీ ఒక జాబితా ఉంటుంది. ఆ మాట ఏ వ్యాసాల్లో ఉందో, ఎన్నిసార్లు ఉందో అందులో రాసి ఉంటుంది. మీరు మూడు మాటలు కొడితే యంత్రం మూడు జాబితాలే తెరుస్తుంది. మిగతా కోట్ల వ్యాసాల వంక చూడనే చూడదు. వేగమంతా అక్కడే ఉంది. దొరికినవాటిని వరసలో పెట్టడానికి 1990ల నుంచి వాడుతున్నది బీఎం25 అనే సూత్రం. అరుదైన మాటకి ఎక్కువ విలువ, అన్నిచోట్లా కనిపించే మాటకి తక్కువ విలువ ఇచ్చి, వ్యాసం పొడవుని సర్దుబాటు చేస్తుంది. అర్థంతో దానికి పని లేదు.

అర్థం కావాలనుకున్నవాళ్లు వ్యాసాన్ని మొత్తంగా కొన్ని వందల అంకెల వరసగా మార్చి, దగ్గరగా ఉన్న వరసల్ని వెతికే దారి పట్టారు. అది పనిచేస్తుంది. కానీ ఇండెక్స్‌ని వదిలేయాలి. పైగా ఒక వ్యాసం పైకి ఎందుకొచ్చిందో ఆ అంకెలు చూసి ఎవరూ చెప్పలేరు. నాకు ఎక్కువ విలువైనదిగా తోచేది మూడో దారి: ఇండెక్స్‌ని అలాగే ఉంచి, వ్యాసంలో లేకపోయినా ఉండదగిన మాటల్ని ముందే అందులోకి ఎక్కించడం. వ్యాసం ఇండెక్స్‌లో చేరేటప్పుడు ఒక్కసారి కష్టపడితే చాలు, వెతికేటప్పుడు పాత పద్ధతిలోనే జాబితాలు తెరుచుకుంటాయి.

తొలి ప్రయత్నాల్లో తేలికైనది 2019లో వచ్చిన డాక్‌టుక్వెరీ. ఒక భాషా నమూనాకి వ్యాసం చూపించి, ‘ఇది చదివితే ఏయే ప్రశ్నలకి జవాబు దొరుకుతుంది’ అని ప్రశ్నలు రాయిస్తారు. ఆ ప్రశ్నల్ని వ్యాసం చివర అతికించి మామూలుగానే ఇండెక్స్ చేస్తారు. ప్రశ్నల్లోని మాటల్లో ఎక్కువ భాగం వ్యాసంలో ఉన్నవే అయినా నష్టం లేదు. ముఖ్యమైన మాట మళ్లీమళ్లీ రావడంతో దాని బరువు పెరుగుతుంది. కొత్తగా వచ్చిన కొద్ది మాటలు కొత్త తలుపులు తెరుస్తాయి.

2021లో ఫ్రాన్స్‌లోని నేవర్ ల్యాబ్స్ యూరప్ పరిశోధకులు తమ సహచరులతో కలిసి తెచ్చిన స్ప్లేడ్ ఇంకో మెట్టు ఎక్కింది. అది ప్రశ్నలు రాయదు, నేరుగా మాటలకి బరువులు వేస్తుంది. దాని అడుగున ఉన్నది బెర్ట్ అనే భాషా నమూనా. వాక్యంలో ఒక మాట మూసేస్తే అక్కడ ఏ మాట పట్టవచ్చో ఊహించడం బెర్ట్ నేర్చుకున్న విద్య. దాని ఇంగ్లీషు పదపట్టికలో 30,522 మాటలు, మాటల ముక్కలు ఉన్నాయి. వ్యాసంలోని ప్రతి స్థానం దగ్గరా ఆ పట్టికలోని ప్రతి మాటకీ ఒక మార్కు వస్తుంది. స్ప్లేడ్ ఆ మార్కులనే తీసుకుంటుంది. సున్నా కన్నా తక్కువ వచ్చినవి సున్నా అవుతాయి. ఎక్కువ వచ్చినవి మరీ చెలరేగకుండా లాగరిథమ్‌తో అణుస్తారు. ఒక మాటకి వేర్వేరు స్థానాల్లో వచ్చిన మార్కుల్లో పెద్దదాన్ని దాని బరువుగా ఉంచుతారు. సున్నా పడిన మాట ఇండెక్స్‌లోకి వెళ్లదు.

మన ఉదాహరణనే ఈ పద్ధతిలో నడిపి చూద్దాం. బరువులు నేను వివరణ కోసం వేసినవి. ఆరోగ్య వ్యాసానికి ‘గుండెపోటు’ 2.1, ‘ఆసుపత్రి’ 1.3 వచ్చాయనుకోండి. వ్యాసంలో లేకపోయినా ‘హార్ట్’ 1.6, ‘ఎటాక్’ 1.4, ‘అంబులెన్స్’ 0.7 చేరాయి. సినిమా పేజీలో ‘నితిన్’, ‘సినిమా’ బలమైన మాటలు. పేరులో ఉన్నా ‘హార్ట్’కి 0.9, ‘ఎటాక్’కి 0.8 మాత్రమే పడ్డాయి, ఎందుకంటే ఆ పేజీలోని మిగతా మాటల్ని బట్టి అది గుండె సంగతి కాదని నమూనాకి అర్థమవుతుంది. ఈ బరువుల్ని వందతో గుణించి పూర్ణాంకాలు చేస్తే, పాత ఇండెక్స్‌లో ‘ఎన్నిసార్లు వచ్చింది’ అని రాసే చోటే ఇవీ ఇమిడిపోతాయి.

```
హార్ట్      → (ఆరోగ్యం, 160) (సినిమా, 90)
ఎటాక్      → (ఆరోగ్యం, 140) (సినిమా, 80)
గుండెపోటు  → (ఆరోగ్యం, 210)
```

మనవడి ప్రశ్నలో ‘హార్ట్’కి 1.2, ‘ఎటాక్’కి 1.1 బరువు ఉందనుకుందాం. ఒక్కో మాటకీ ప్రశ్న బరువునీ వ్యాసం బరువునీ గుణించి కూడితే ఆరోగ్య వ్యాసానికి 1.92, 1.54 కలిపి 3.46 వస్తుంది. సినిమా పేజీకి 1.08, 0.88 కలిపి 1.96. వరస తిరగబడింది. స్ప్లేడ్ ప్రశ్నకి కూడా మాటలు చేరుస్తుంది. అక్కడ ‘గుండెపోటు’ 0.9 చేరితే ఆరోగ్య వ్యాసానికి ఇంకో 1.89 కలిసి 5.35 అవుతుంది. ఇది ఎందుకు పైకొచ్చిందని ఎవరైనా అడిగితే మాటల వారీగా లెక్క చూపించవచ్చు.

అయితే మాటలు చేర్చడం కన్నా చేర్చకుండా ఆపడమే కష్టం. నమూనాని దాని ఇష్టానికి వదిలేస్తే ప్రతి వ్యాసానికీ వేల మాటలు తగిలిస్తుంది. ఏదో ఒక రోజు పనికొస్తుందేమోనని ‘మనిషి’, ‘విషయం’, ‘సమాచారం’ లాంటివన్నీ ప్రతిచోటా చేరతాయి. అప్పుడు ప్రతి జాబితాలోనూ దాదాపు అన్ని వ్యాసాలూ ఉంటాయి, ఇండెక్స్ ఉండీ ప్రయోజనం ఉండదు. అందుకని శిక్షణలో రెండు లెక్కలు ఒకేసారి నడుస్తాయి. సరైన వ్యాసం తప్పు వ్యాసం కన్నా పైన లేకపోతే ఒక జరిమానా. మాటలు విచ్చలవిడిగా వెలిగితే ఇంకో జరిమానా.

ఈ రెండో జరిమానా వేసే తీరు నాకు చాలా నచ్చింది. ఒక మాట ప్రశ్నలోనూ వ్యాసంలోనూ ఉన్నప్పుడే యంత్రం ఒక గుణకారం చేస్తుంది. ఆ మాట నూటికి ఒక ప్రశ్నలో, నూటికి ఒక వ్యాసంలో వెలిగితే పదివేల జంటల్లో ఒక్క గుణకారమే. అదే మాట నూటికి యాభైలో వెలిగితే 2,500 గుణకారాలు. వెలగడం యాభై రెట్లు పెరిగితే ఖర్చు రెండువేల అయిదువందల రెట్లు పెరిగింది. అందుకే ఒక్కో మాటకీ వ్యాసాలన్నిటిలో వచ్చిన సగటు బరువు తీసి, దాన్ని వర్గం చేసి, ఆ వర్గాలన్నీ కూడి జరిమానాగా వేస్తారు. అరుదుగా వెలిగే ‘అంబులెన్స్’కి ఈ దెబ్బ తగలదు, ప్రతిచోటా దూరే ‘విషయం’ చిక్కిపోతుంది. ఈ జరిమానా ఎంత గట్టిగా ఉండాలో ప్రశ్నలకీ వ్యాసాలకీ విడివిడిగా నిర్ణయిస్తారు. గట్టిగా బిగిస్తే ఇండెక్స్ చిన్నదవుతుంది, కొన్ని జవాబులు జారిపోతాయి.

ఎంఎస్ మార్కో అనే పరీక్షలో 88 లక్షల ఇంగ్లీషు పేరాలు ఉన్నాయి. సరైన జవాబు మొదటి స్థానంలో ఉంటే 1, రెండో స్థానంలో ఉంటే సగం, ఇలా పదో స్థానం దాకా మార్కులు వేసి సగటు తీస్తారు. బీఎం25కి సుమారు 0.18 వస్తుంది. తొలి స్ప్లేడ్‌కి 0.32, అదే ఏడాది వచ్చిన మెరుగైన రూపానికి సుమారు 0.37 వచ్చాయి.

ఇబ్బందులు లేకపోలేదు. సెర్చ్ ఇంజిన్లు జాబితాల్లో పనికిరాని భాగాల్ని దాటేసే ఉపాయాలు ఏళ్ల తరబడి బీఎం25ని దృష్టిలో పెట్టుకుని తయారయ్యాయి. అరుదైన మాటకి పెద్ద విలువ, సాధారణ మాటకి చిన్న విలువ ఉంటుందన్నది వాటి నమ్మకం. నేర్చుకున్న బరువులకి ఆ క్రమం లేదు. సాధారణ మాటకీ, ఒక్కోసారి కామాకి కూడా, గట్టి బరువు పడుతుంది. దాంతో దాటేయగలిగింది తగ్గి, ఇండెక్స్ అదే అయినా వెతుకులాట నెమ్మదిస్తుంది. ప్రశ్నని అప్పటికప్పుడు నమూనాలో నడిపే ఖర్చు అదనం. అందుకే ప్రశ్నని ముట్టుకోకుండా వ్యాసానికే మాటలు చేర్చే రూపం ఒకటి, ప్రశ్నకి వేరే చిన్న నమూనా పెట్టి దాని మాటల్ని బాగా తగ్గించే రూపం ఒకటి వచ్చాయి. డాక్‌టుక్వెరీలో లోపం ఇంకో రకం: వ్యాసంలో జవాబు లేని ప్రశ్నలు కూడా రాసేస్తుంది. అలాంటివాటిని గుర్తించి తీసేస్తే ఇండెక్స్ చిన్నదై, ఫలితాలు బాగుపడతాయని 2023లో చూపించారు.

తెలుగుకి వస్తే ఇంకో చిక్కు ఉంది. పైన నేను పూర్తి మాటలతో లెక్క చూపించాను. నిజానికి నమూనాల పదపట్టికల్లో తెలుగు మాటలు చాలావరకు ముక్కలుగానే ఉంటాయి. వంద భాషలకి పనికొచ్చే ఎక్స్‌ఎల్ఎం-రాబర్టాలో అన్ని భాషలకీ కలిపి ఉన్నవి రెండున్నర లక్షల ముక్కలు. ‘ఆసుపత్రికి’, ‘ఆసుపత్రిలో’ లాంటి విభక్తి రూపాలు మనకి అడుగడుగునా వస్తాయి. చేర్చిన ముక్క ‘కి’ అయితే అది ఏ వ్యాసాన్నీ మిగతావాటి నుంచి వేరు చేయదు. 2024లో వచ్చిన బీజీఈ-ఎం3 బహుభాషా నమూనా ఉన్న మాటలకి బరువు వేస్తుంది కానీ లేని మాటని చేర్చదు. మనవడి ప్రశ్నకి అది సరిపోదు.

అందుకని తెలుగు పత్రికల పాత సంచికలో, గ్రంథాలయ సంపదో డిజిటల్‌గా పెట్టుకుని వెతుకులాట నడుపుతున్నవాళ్లకి ఇప్పటికి సరైన దారి డాక్‌టుక్వెరీ పద్ధతే. అది పూర్తి వాక్యాలు రాస్తుంది కాబట్టి చేరేవి పూర్తి మాటలు. ఆ ప్రశ్నల్ని అసలు వ్యాసంలో కలపకుండా పక్కన వేరే గడిలో ఉంచండి, పాఠకుడికి అసలు పాఠమే చూపండి. ఒక యాభై వ్యాసాలకి చేరిన మాటల్ని మనిషి చేత చదివించండి. ఏ మాట జాబితాలో సగానికి పైగా వ్యాసాలు చేరాయో చూసి ఆ మాట తీసేయండి. లాభం కొలవడానికి తెలుగు ప్రశ్నలూ వాటి సరైన జవాబులూ ఉన్న మిరాకల్, మిస్టర్ టైడీ అనే పరీక్ష సంపుటాలు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిమీద ముందు బీఎం25ని, తర్వాత మాటలు చేర్చిన ఇండెక్స్‌ని నడిపి, రెండు మార్కుల్నీ పోల్చి చూశాకే మీ సంపదంతటికీ వర్తింపజేయండి.