తొంభై డిగ్రీలు సరే, ఎన్ని వాట్ల దగ్గర?

మా మేనల్లుడు వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి, ల్యాప్‌టాప్ ప్రాసెసర్ వేడి చూసి హడలిపోయాడు. "మామయ్యా, 90 దాటేసింది. ఇంకో పది డిగ్రీలైతే నీళ్లే మరుగుతాయి!" అన్నాడు.

నీళ్ల లెక్క చిప్పుకు వర్తించదు. చాలా ఇంటెల్ ల్యాప్‌టాప్ ప్రాసెసర్లకు గరిష్ఠ పరిమితి 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్‌లలో చాలావాటికి 95 లేదా 100. అక్కడికి చేరితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అందుకే 90 అన్న అంకె ఒక్కటే చూసి ఏమీ తేల్చలేం. ఎంత కరెంటు తింటూ అంత వేడెక్కిందన్నది చూడాలి.

వాడిది నాలుగేళ్ల కిందటి, 45 వాట్ల ఇంటెల్ ప్రాసెసర్. చార్జర్ పెట్టి, పెర్ఫార్మెన్స్ మోడ్‌కి మార్చి, సినీబెంచ్‌ని పది నిమిషాలు నడిపాం. పక్కనే HWiNFO64 తెరిచి CPU Package వేడినీ, CPU Package Power వాట్లనీ చూస్తూ కూర్చున్నాం. మొదటి అర నిమిషం వాట్లు 70 దాకా వెళ్లి పడిపోయాయి. అది లోపం కాదు. కాసేపే అంత తినేలా కంపెనీవాళ్లు పెట్టిన ఏర్పాటు. ఆ తర్వాత నిలకడగా ఉండే అంకే అసలైనది. 45 వాట్ల దగ్గర 90 డిగ్రీలతో నిలిచి ఉంటే మూసి పక్కన పెట్టేవాణ్ణి. వాట్లు తగ్గి, వేడీ తక్కువే ఉన్నా అది సెట్టింగుల సంగతి అనుకునేవాణ్ణి. ఇక్కడ 22 వాట్లకే 97 డిగ్రీలు! Core Thermal Throttling ఎదురుగా Yes అని కూడా పడింది. సగం పనికే ఒళ్లు కాలిపోతోందంటే వేడి బయటికి పోవడం లేదన్నమాట.

ఎక్కడ ఆగిపోతోందో గాలి బయటికొచ్చే సందు దగ్గర చెయ్యి పెడితే చాలావరకు తెలుస్తుంది. గాలి జోరుగా వస్తూ గోరువెచ్చగానే ఉంటే, చిప్పుకీ దాని మీది రాగి పలకకీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్‌ని అనుమానించాలి. వేడి చిప్పు దాటి ఆ పలకకే చేరడం లేదు. ఫ్యాన్ హోరెత్తుతున్నా గాలి సన్నగా, సెగలా వస్తే దారి మూసుకుపోయినట్టు. మాకు తగిలింది ఈ రెండోదే.

ల్యాప్‌టాప్ ఆపి, వెనక మూత విప్పి, ముందు బ్యాటరీ కనెక్టర్ తీశాను. ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే కనిపించాయి. దుమ్ము ఉన్నది ఫ్యాన్‌కీ, గాలి బయటికెళ్లే సన్నని లోహపు రేకులకీ మధ్య. దుప్పటి ముక్కలా పరుచుకుని ఉంది. పైపైన తుడిచి మూసేసేవాళ్లకు దొరకని చోటు అది. బ్రష్‌తో లాగి, ఫ్యాన్ గిర్రున తిరిగి పాడవకుండా వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదాను.

మళ్లీ అదే పరీక్ష పెడితే 45 వాట్లు, 88 డిగ్రీలు. వాడి మొహం ఇంకా తేటపడలేదు. "ఇంకా 88 ఉందే!"

విజయవాడలో మే నెల, ఆ గదిలోనే 36 డిగ్రీలు. లోపలికెళ్లే గాలి ఎంత వేడిగా ఉంటే ప్రాసెసరూ దాదాపు అంత పైకి జరుగుతుంది. ఏసీ వేసి, గది 26కి దిగాక మళ్లీ నడిపాం. 79 దగ్గర నిలిచింది.