‘నుంచి’ దగ్గరే దొరికిపోతున్నాం!

మా జూనియర్ ఒకడు టెక్కలిలో ఓ కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తున్నాడు. ఆన్‌లైన్ దరఖాస్తులు నింపడం, ప్రింట్లు తీయడం, వచ్చినవాళ్లకి సర్టిఫికెట్లు స్కాన్ చేసివ్వడం అతని పని. ఆ మధ్య విశాఖలో కస్టమర్ సపోర్ట్ ఉద్యోగానికి ఇంటర్వ్యూకి వెళ్లాడు. ‘ప్రస్తుతం ఏం చేస్తున్నారు?’ అని హెచ్‌ఆర్ అడిగితే, ‘ఐ వర్క్‌డ్ ఇన్ ఎ కంప్యూటర్ సెంటర్ ఇన్ టెక్కలి ఫర్ వన్ ఇయర్’ అన్నాడు. వెంటనే వచ్చిన ప్రశ్న: ‘మరి ఎందుకు మానేశారు?’

మనవాడు మానెయ్యలేదు. ముందురోజు సాయంత్రం దాకా అక్కడే పనిచేసి, సెలవు పెట్టి రైలెక్కాడు. ఆ ప్రశ్న ఎందుకొచ్చిందో అర్థంకాక తడబడ్డాడు. ఆ తడబాటు చూసి అవతలివాళ్లు ఏదో దాస్తున్నాడనుకున్నారు. తిరిగి పలాసలో దిగాక నాకు ఫోన్ చేసి, ‘అన్నా, నేనేటి తప్పు మాట్లాడాను?’ అన్నాడు.

తమాషా ఏంటంటే, ఆ వాక్యంలో గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. అర్థమే తప్పు. ఆంగ్లంలో ‘ఐ వర్క్‌డ్ ఫర్ వన్ ఇయర్’ అంటే ‘ఏడాది చేశాను, ఇప్పుడు చెయ్యట్లేదు’ అనే వింటారు. అతను చెప్పాలనుకున్నది ‘ఏడాది నుంచి చేస్తున్నాను’. దానికి ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ కంప్యూటర్ సెంటర్ ఫర్ వన్ ఇయర్’ అనాలి. అప్పుడు మొదలైంది, ఇప్పటికీ సాగుతోంది అనే రెండు సంగతుల్నీ మోసేది ఆ ‘హ్యావ్ బీన్’ ముక్కే. అది జారిపోతే ఉన్న ఉద్యోగం కాస్తా మాజీ ఉద్యోగం అయిపోతుంది.

ఆ తర్వాత అతని సెల్ఫ్ ఇంట్రడక్షన్ మొత్తం ఫోన్‌లో రికార్డు చేసి పంపమన్నాను. రెండు నిమిషాలుంది. అందులో ఐదు రకాల తప్పులు దొరికాయి. పలాసలో, సోంపేటలో, కవిటిలో మనవాళ్లు మాట్లాడుతుంటే నేను వినేవీ దాదాపు అవే. బీటెక్ చదివేరోజుల్లో నేనూ వాటినే మాట్లాడాను. ‘మైసెల్ఫ్ ఫలానా’ అనడం ఈ ఐదింట్లో లేదు. దాన్ని ఇప్పటికే అందరూ సరిదిద్దేశారు. ‘నేటివ్ ప్లేస్’ అన్నా మన దేశంలో ఏ హెచ్‌ఆరూ తల తిప్పుకోడు. మన సిక్కోలు యాస కూడా తప్పుల లెక్కలోకి రాదు. మాట స్పష్టంగా ఉంటే చాలు.

ఒక మాట, మూడు పనులు

మొదటి తప్పు, అన్నిటికన్నా ఎక్కువసార్లు దొరికింది, ‘నుంచి’. ‘పలాస నుంచి వచ్చాను’, ‘2018 నుంచి ఇక్కడే ఉంటున్నాం’, ‘పదేళ్ల నుంచి నాన్న జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేస్తున్నారు’. తెలుగులో మూడుచోట్లా ఒకే మాట. ఆంగ్లంలో మూడు వేర్వేరు మాటలు కావాలి: ఫ్రమ్, సిన్స్, ఫర్. మనం మూడింటికీ ‘ఫ్రమ్’ వాడేస్తాం. అందుకే ‘మై ఫాదర్ ఈజ్ వర్కింగ్ ఫ్రమ్ టెన్ ఇయర్స్’ అని వస్తుంది.

‘పాయింట్ ఆఫ్ టైమ్’, ‘పీరియడ్ ఆఫ్ టైమ్’ అని బళ్లో చెప్పారు. పరీక్ష రాయడానికి పనికొచ్చింది గానీ, మాట్లాడేటప్పుడు ఆ నిర్వచనాలు ఎవరికి గుర్తొస్తాయి? నాకు పనికొచ్చిన చిట్కా తెలుగులోనే ఉంది. ‘నుంచి’ తీసేసి ‘గా’ పెట్టి చూడండి. ‘పదేళ్ల నుంచి’ని ‘పదేళ్లుగా’ అనొచ్చు. అతికింది కాబట్టి ‘ఫర్ టెన్ ఇయర్స్’. ‘చాలా రోజుల నుంచి’ని ‘చాలా రోజులుగా’ అనొచ్చు, అదీ ‘ఫర్’. ‘2018 నుంచి’ని ‘2018గా’ అనగలమా? అనలేం. అక్కడ ‘సిన్స్ 2018’. ‘పొద్దున్నుంచి’, ‘సోమవారం నుంచి’, ‘ఇంటర్ నుంచి’ కూడా అంతే.

ఉద్దానంలో పుట్టినవాళ్లకి ‘సిన్స్’ గుర్తుండటానికి పుస్తకం అక్కర్లేదు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరితోటలూ జీడితోటలూ నేలకూలాయి. మా ఊళ్లల్లో ఏ మాట మొదలెట్టినా ‘తిత్లీ నుంచి’ అనే అంటారు. ‘తిత్లీగా’ అని ఎవరూ అనరు. కాబట్టి ‘సిన్స్ తిత్లీ’. కూలిన చెట్ల స్థానంలో కొత్తవి పెంచుతున్న కుటుంబం అయితే, ‘వుయ్ హ్యావ్ బీన్ గ్రోయింగ్ న్యూ ట్రీస్ సిన్స్ తిత్లీ’ అనాలి.

‘ఫ్రమ్’ని భయపడి మొత్తం వదిలెయ్యకండి. ఊరికి అదే కావాలి: ‘ఐ యామ్ ఫ్రమ్ వజ్రపుకొత్తూరు’. మొదలూ చివరా రెండూ చెబుతుంటే అదే: ‘ఫ్రమ్ నైన్ టు సిక్స్’. ఇంకా మొదలుకాని పనికీ పర్వాలేదు: ‘ఐ కెన్ కమ్ ఫ్రమ్ మండే’. చిక్కంతా మొదలై ఇంకా సాగుతున్న పనితోనే. అక్కడ ‘ఈజ్ వర్కింగ్’ కూడా చాలదు, ‘హ్యాజ్ బీన్ వర్కింగ్’ కావాలి.

సంవత్సరం చెప్పారా, ‘హ్యావ్’ తీసేయండి

‘హ్యావ్’ నేర్చుకున్నాక వచ్చే జబ్బు ఇంకోటుంది. అన్నిచోట్లా దాన్ని తగిలించడం. ‘ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2023’. ఈ వాక్యం లేని రెజ్యూమే అరుదు. తెలుగులో ‘పూర్తిచేశాను’ అనే ఒక్కమాటే సరిపోతుంది గనుక తేడా మనకి తెలియదు. ఆంగ్లంలో ‘హ్యావ్ కంప్లీటెడ్’ అంటే ‘అయిపోయింది, ఇప్పుడు నా చేతిలో డిగ్రీ ఉంది’ అని. ఎప్పుడన్నది అక్కడ విషయం కాదు. సంవత్సరం చెప్పగానే గతం తలుపు మూసుకుంటుంది. అప్పుడు ‘ఐ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2023’ అనాలి. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. దాని గురించి చెప్పినా ‘ఇట్ ఓపెన్డ్ ఇన్ డిసెంబర్ 2023’ అనే అంటారు, ‘హ్యాజ్ ఓపెన్డ్’ అనరు. మీ వాక్యంలో ‘ఎప్పుడు?’కి జవాబు ఉందేమో చూసుకోండి. ఉంటే ‘హ్యావ్’ అక్కర్లేదు.

మూడోది ‘ఐ యామ్ హ్యావింగ్ టూ సిస్టర్స్’. ‘-తున్నాను’ అంటే ‘ఐఎన్‌జీ’ అని మనకి నూరిపోశారు కదా. అర్థమవుతోంది అంటే ‘ఐ యామ్ అండర్‌స్టాండింగ్’, అక్కలున్నారు అంటే ‘హ్యావింగ్’ అయిపోయాయి. ఆ పనిని మధ్యలో ఆపి, మళ్లీ మొదలుపెట్టగలరా అని అడిగి చూడండి. భోజనం ఆపగలరు. అందుకే ‘వుయ్ ఆర్ హ్యావింగ్ లంచ్’ సరైనదే. ఇద్దరు అక్కలు ఉండటాన్ని కాసేపు ఆపలేం కదా! అందుకని ‘ఐ హ్యావ్ టూ సిస్టర్స్’. ‘నో’, ‘అండర్‌స్టాండ్’, ‘వాంట్’, ‘బిలాంగ్’ కూడా మామూలుగా ఇదే దారి. అలాగని ‘హ్యావింగ్’ వినిపించిన ప్రతిచోటా తప్పు పట్టకండి. ‘ఐ యామ్ హ్యావింగ్ ట్రబుల్ విత్ మై ఇంటర్నెట్’ అని కస్టమర్ అంటే అది శుభ్రమైన ఆంగ్లమే.

ఇక్కడ మన తెలుగే గురువు

‘ఐ డిడింట్ వెంట్ టు ద ఇంటర్వ్యూ’. నాలుగో తప్పు ఇది. వినగానే చెవికి తగులుతుంది. ‘వెళ్లలేదు’ అనే మాటని విడదీయండి. ‘వెళ్ల’, ‘లేదు’. జరిగిపోయిందనే సంగతి ‘లేదు’లో ఉంది. ‘వెళ్ల’లో కాలమేమీ లేదు. ‘వెళ్లానులేదు’ అని చిన్నపిల్లాడు కూడా అనడు. ఆంగ్లంలోనూ ఇదే లెక్క. కాలాన్ని ‘డిడింట్’ మోస్తోంది కాబట్టి క్రియ ఖాళీగా ఉండాలి: ‘ఐ డిడింట్ గో’. ‘వెళ్లావా?’ లాంటి ప్రశ్నల్లో మాత్రం తెలుగు సాయం రాదు. అక్కడ మన క్రియే కాలాన్ని మోస్తుంది. అందుకే ‘డిడ్ యూ వెంట్?’ అనేస్తాం. ‘డిడ్’ నోట్లోంచి రాగానే వెనకాల ‘గో’ అని బలవంతంగా అలవాటు చేసుకోవాల్సిందే.

ఐదోది ఇంటర్వ్యూ చివర్లో బయటపడుతుంది. ‘మీరేమైనా అడుగుతారా?’ అంటారు. మనవాడు ‘కెన్ యూ టెల్ మీ వాట్ టైమ్ డజ్ ద షిఫ్ట్ స్టార్ట్?’ అన్నాడు. విడిగా అడిగితే ‘వాట్ టైమ్ డజ్ ద షిఫ్ట్ స్టార్ట్?’ సరైనదే. దాని ముందు ‘కెన్ యూ టెల్ మీ’ చేరగానే ‘డజ్’ పోవాలి: ‘కెన్ యూ టెల్ మీ వాట్ టైమ్ ద షిఫ్ట్ స్టార్ట్స్?’

ఇది ఎప్పుడు చెయ్యాలో కూడా తెలుగే చెబుతుంది. ‘షిఫ్టు ఎన్నింటికి మొదలవుతుంది?’ అనేది మామూలు ప్రశ్న. ‘షిఫ్టు ఎన్నింటికి మొదలవుతుందో చెప్తారా?’ అన్నప్పుడు చివర ‘ఓ’ వచ్చి చేరింది. మీ తెలుగు వాక్యంలో ఆ ‘ఓ’ ఉంటే, ఆంగ్లంలో మాటల వరస తిప్పకూడదు. ‘జాయినింగ్ ఎప్పుడో తెలీదు’ అంటే ‘ఐ డోంట్ నో వెన్ ద జాయినింగ్ డేట్ ఈజ్’. ‘హాస్టల్ ఉందో లేదో’ లాంటి జంట ‘ఓ’ వస్తే ‘ఇఫ్’ పెట్టాలి: ‘ఐ వాంట్ టు నో ఇఫ్ దేర్ ఈజ్ ఎ హాస్టల్’. నా దృష్టిలో ఈ ఐదింట్లో ఆలస్యంగా వదిలేది ఇదే. నేను ఇప్పటికీ తొందర్లో దొర్లించేస్తుంటాను.

ఐదూ ఒకేసారి సరిచెయ్యబోతే నోరు పెగలదు. మావాడు వారానికి ఒక్కదాన్నే పట్టుకున్నాడు. రోజూ కంప్యూటర్ సెంటర్ మూసే ముందు రెండు నిమిషాలు రికార్డు చేసి, ఆ వారం తప్పు ఒక్కటే వెతికేవాడు. మిగతావి వినిపించినా వదిలేసేవాడు. మొదటిరోజు రెండు నిమిషాల్లో ‘ఫ్రమ్’ నాలుగుసార్లు తప్పుగా పడింది. వారం చివరికి ఒక్కసారే పడింది, అదీ అనగానే తనే ఆగి ‘ఫర్’ అని మార్చుకున్నాడు. ఇంటర్వ్యూలో అలా మార్చుకున్నా నష్టంలేదు.

మొన్న పంపిన రికార్డింగులో మాటలివి: ‘ఐ యామ్ ఫ్రమ్ ఎ విలేజ్ నియర్ పలాస. ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2023. ఐ హ్యావ్ టూ సిస్టర్స్. ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ కంప్యూటర్ సెంటర్ ఇన్ టెక్కలి ఫర్ వన్ ఇయర్, అండ్ ఐ స్టిల్ వర్క్ దేర్.’ ఆ చివరి ముక్క నేను చెప్పింది కాదు. ‘ఎందుకు మానేశారని మళ్లీ అడక్కుండా తగిలించానన్నా’ అన్నాడు.