ఒకే అప్పు, రెండు తీర్పులు

బంగ్లాదేశ్‌లో పేద మహిళలకిచ్చే చిన్న అప్పుల మీద 1996లో ‘వరల్డ్ డెవలప్‌మెంట్’ పత్రికలో రెండు పరిశోధన వ్యాసాలు వచ్చాయి. గ్రామీణ బ్యాంకు, బ్రాక్ సంస్థల రుణ పథకాలను రెండూ పరిశీలించాయి. ఆడవాళ్ల పేరున తీసుకున్న అప్పుల్లో చాలా వాటిని ఇంట్లోని మగవాళ్లే వాడుకుంటున్నారని అన్ మేరీ గోయెట్జ్, రీనా సేన్ గుప్తా తేల్చారు. ఆ అప్పులు ఆడవాళ్ల సాధికారతను పెంచాయని సయ్యద్ హాషెమీ, సిడ్నీ షూలర్, ఆన్ రైలీ తేల్చారు. దేశం ఒకటే, పథకాలూ ఇంచుమించు అవే. తీర్పులు మాత్రం ఎదురెదురుగా నిలబడ్డాయి.

ఇలాంటి అంశం మీద పీహెచ్‌డీ చేసే విద్యార్థి తనకంటే ముందు ఎవరెవరు ఏం చెప్పారో ఒక అధ్యాయంలో రాయాలి. పూర్వ పరిశోధనల సమీక్ష అని దానికి పేరు. చాలా సిద్ధాంత గ్రంథాల్లో ఈ అధ్యాయం ఒకే మూసలో సాగిపోతుంది. గోయెట్జ్, సేన్ గుప్తా ఫలానాది అధ్యయనం చేశారు, ఫలానాది కనుగొన్నారు. తర్వాతి పేరాలో హాషెమీ బృందం. ఆ తర్వాత 2001 నాటి నైలా కబీర్, 2008 నాటి సుప్రియా గరికిపాటి, 2015 నాటి అభిజిత్ బెనర్జీ బృందం. వ్యాసానికో పేరా, పేరాకో పేరు. రాసినదాంట్లో ఒక్క అబద్ధమూ ఉండదు. అయినా అధ్యాయం చదివి ముగించినవారికి, ఇంతకీ అప్పు వల్ల ఆమె మాట ఇంట్లో చెల్లుబాటయిందా లేదా అన్నది తెలియదు.

ఈ లోపాన్ని పట్టుకోవడం తేలిక. అధ్యాయంలోని పేరాలను అటూ ఇటూ మార్చి చూడాలి. ఐదో పేరాను రెండో పేరాగా పెట్టినా అర్థం చెడలేదంటే అక్కడ వాదన లేదు, జాబితా మాత్రమే ఉంది. ప్రతి పేరా మొదటి పదం ఒక రచయిత పేరే అయితే అనుమానం మరింత బలపడుతుంది.

దీన్ని సరిచేసే పని రాయడానికి ముందే మొదలవుతుంది. ఒక పెద్ద కాగితం మీదో, ఎక్సెల్ షీటులోనో పట్టిక గీసుకోవాలి. ఒక్కో వ్యాసానికి ఒక్కో అడ్డవరుస, ఒక్కో ప్రశ్నకు ఒక్కో నిలువువరుస. ఈ అంశానికైతే మూడు ప్రశ్నలు తప్పనిసరి: సాధికారత అని దేన్ని లెక్కించారు? ఎవరిని ఎవరితో పోల్చారు? అప్పు డబ్బు చివరికి ఎక్కడికి చేరింది? వ్యాసం చదివిన ప్రతిసారీ ఈ గళ్లు నింపుకుంటూ పోవాలి. అడ్డంగా చదివితే వచ్చేది వ్యాస సారాంశం. సమీక్షకు పనికొచ్చేది నిలువు చదువు.

మొదటి నిలువువరుసను పైనుంచి కిందికి చదివితే 1996 నాటి చిక్కు చాలావరకు విడిపోతుంది. గోయెట్జ్, సేన్ గుప్తా కొలిచింది అప్పు డబ్బు మీద ఆమెకున్న అజమాయిషీని. హాషెమీ బృందం కొలిచింది ఎనిమిది విషయాలను: ఒంటరిగా బయటికి వెళ్లగలగడం, చిన్నవీ పెద్దవీ సొంతంగా కొనగలగడం, ఇంటి నిర్ణయాల్లో పాలుపంచుకోవడం, చట్టం గురించి తెలిసి ఉండడం వంటివి. ఒకరు డబ్బు ఎవరి చేతిలో ఉందో చూశారు, మరొకరు ఆమె జీవితంలో ఏం మారిందో చూశారు. డబ్బు భర్త చేతికి వెళ్లినా, దాన్ని తెచ్చిన మనిషిగా ఆమెకు ఇంట్లో కొంత విలువ పెరిగి ఉండొచ్చు. కాబట్టి రెండు తీర్పులూ ఒకేసారి నిజం కావడానికి అవకాశం ఉంది.

నైలా కబీర్ 2001లో అదే పత్రికలో చేసిన పని ఇదే. ఒకే రకం పథకాల మీద ఇంత విరుద్ధమైన అంచనాలు ఎందుకొచ్చాయన్న ప్రశ్ననే ఆమె తన వ్యాసానికి ఇరుసుగా తీసుకున్నారు. ప్రతికూలంగా చెప్పినవారు అప్పు వాడకం జరిగే తీరును, సానుకూలంగా చెప్పినవారు దాని ఫలితాలను చూశారని ఎత్తిచూపారు. అప్పు తీసుకున్న ఆడవాళ్లు స్వయంగా దేనికి విలువ ఇస్తున్నారో కూడా వాళ్లనడిగి చర్చలోకి తెచ్చారు. సమీక్ష ఎలా రాయాలో నేర్చుకోవాలనుకునే విద్యార్థికి ఏ మార్గదర్శక పుస్తకం కన్నా ఈ వ్యాసం ఎక్కువ నేర్పుతుంది.

పట్టికలో తెలుగు నేల కూడా కనిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో స్వయం సహాయక సంఘాల అప్పులను పరిశీలించిన గరికిపాటి, కుటుంబం కష్టాలను తట్టుకునే శక్తి పెరిగినా ఆ మేలు ఆడవాళ్ల సాధికారతగా మారలేదని చూపారు. ఉత్పాదక ఆస్తుల్లో వాళ్లకు వాటా లేకపోవడాన్ని అందుకు కారణంగా ఎత్తిచూపారు. బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో తదితరులు హైదరాబాద్‌లో 104 పేద బస్తీలను తీసుకున్నారు. వాటిలో సగాన్ని లాటరీ పద్ధతిలో ఎంచి, అక్కడ స్పందన సంస్థ శాఖలు తెరిచాక రెండు రకాల బస్తీలనూ పోల్చారు. అప్పటికే ఉన్న చిన్న వ్యాపారాల్లో పెట్టుబడి పెరిగింది గానీ, మహిళా సాధికారతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇప్పుడు పేరా ఇలా మొదలవుతుంది: ‘అప్పు ఇంటికి మేలు చేసిందా, ఆమెకు మేలు చేసిందా అన్నవి వేర్వేరు ప్రశ్నలని పరిశోధనలు చూపుతున్నాయి. బంగ్లాదేశ్‌లో డబ్బు మీద అజమాయిషీని కొలిచినవారికి (గోయెట్జ్, సేన్ గుప్తా 1996) ఆమె వాటా తక్కువగా కనిపించగా, విస్తృత ఫలితాలను కొలిచినవారికి (హాషెమీ బృందం 1996) మార్పు కనిపించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఆస్తి ఎవరి పేరున ఉందన్న అంశం ఈ తేడాకు మరో కారణాన్ని సూచిస్తోంది (గరికిపాటి 2008).’ పేర్లు బ్రాకెట్లలోకి వెళ్లాయి, వాక్యానికి కర్తగా ప్రశ్న వచ్చి కూర్చుంది. ఈ పేరాను పక్క పేరాతో తారుమారు చేస్తే వాదన తెగిపోతుంది.

ఇక్కడే కొందరు ఇంకో పొరపాటు చేస్తారు. ‘ఆదాయం’, ‘విద్య’, ‘మహిళలు’ అని ఉపశీర్షికలు పెట్టి, ఒక్కో దాని కింద మళ్లీ వ్యాసానికో పేరా పేర్చుకుంటూ పోతారు. జాబితా ముక్కలైంది తప్ప మారలేదు. ఉపశీర్షిక ఒక ప్రశ్ననో, ఒక వాదననో మోయాలి. అప్పుడు ఒకే వ్యాసం రెండు మూడు చోట్ల ప్రస్తావనకు వస్తుంది. హైదరాబాద్ అధ్యయనాన్ని పోలిక పద్ధతి దగ్గర ఒకసారి, సాధికారత దగ్గర మరోసారి తలచుకోవాల్సిందే. అది పునరుక్తి కాదు.

లేని వివాదాన్ని పుట్టించడం మరీ ప్రమాదం. ‘బెనర్జీ బృందం హాషెమీ బృందాన్ని ఖండించింది’ అని రాస్తే తప్పవుతుంది. ఒకటి హైదరాబాద్ బస్తీలు, మరొకటి బంగ్లాదేశ్ పల్లెలు. కొలతలూ పోలికలూ వేరు. ఎంతమంది అవునన్నారు, ఎంతమంది కాదన్నారు అని ఓట్లు లెక్కపెట్టడం కూడా ఇలాంటి తప్పే.

కాలక్రమం ఎప్పుడూ పనికిరాదని కాదు. మార్క్ పిట్, షాహిదుర్ ఖండ్‌కర్ 1998లో, బంగ్లాదేశ్‌లో ఆడవాళ్లకిచ్చిన ప్రతి 100 టాకాల అప్పుకు కుటుంబ ఖర్చు 18 టాకాలు పెరిగిందని లెక్కగట్టారు. డేవిడ్ రూడ్‌మన్, జోనాథన్ మోర్డక్ అదే సమాచారాన్ని మళ్లీ లెక్కించి, అప్పే ఆ పెరుగుదలకు కారణమని దానితో నిరూపించలేమన్నారు. పిట్ బదులిచ్చారు. ఒకరి మాటకు ఒకరు నేరుగా జవాబిచ్చినచోట ఆ వరుసలోనే చెప్పాలి, ఎందుకంటే అక్కడ వరుసే వాదన.

పట్టికలో ఖాళీ గళ్లు మిగిలినప్పుడు, ‘ఈ అంశంపై ఇంతవరకు పరిశోధన జరగలేదు’ అని వెంటనే రాసేయాలనిపిస్తుంది. ఆ గడి ఖాళీగా ఉన్నది పరిశోధన లేకనా, విద్యార్థి చదవకనా అన్నది ముందు తేలాలి. ఆస్తి హక్కుకు సంబంధించిన గడి ఖాళీ అయితే, గూగుల్ స్కాలర్‌లో గరికిపాటి వ్యాసం కింద ఉండే Cited by నొక్కి, ఆమెను ఉటంకించిన తర్వాతి వ్యాసాల శీర్షికలు, సారాంశాలు చదవాలి. వాటిలో ఆస్తి ప్రస్తావన ఉన్నవి పట్టికలోకి ఎక్కుతాయి. ఆ తర్వాత కూడా మిగిలిన ఖాళీని, ఎక్కడెక్కడ వెతికారో చెప్పి మరీ తన పరిశోధన ప్రశ్నగా తీసుకోవచ్చు.