యాడ్ మారింది సరే, ఏం మారింది?

ఎడిటర్ ఫోన్‌కి వచ్చే బ్రీఫ్ చాలాసార్లు ఇలా ఉంటుంది: “అన్నా, మన గానుగ నూనెకి మూడు వెర్షన్లు కావాలి. ట్రెండీగా ఉండాలి, ప్రీమియం లుక్ రావాలి. శుక్రవారానికి ఇచ్చెయ్.” ఎడిటర్ తన పని తాను బాగానే చేస్తాడు. ఒక వీడియోకి డప్పు మ్యూజిక్ పెట్టి, ఆడగొంతుతో మాట్లాడించి, 30 సెకన్లలో ముగిస్తాడు. రెండోదాన్ని వేణువుతో నెమ్మదిగా నడిపి, చివర పది శాతం తగ్గింపు చూపిస్తాడు. మూడోదాన్ని మాటల్లేకుండా, పెద్ద అక్షరాలతో 15 సెకన్లకు కుదిస్తాడు. మూడూ బాగుంటాయి. వారం తిరిగేసరికి రెండో వీడియోకి ఎక్కువ ఆర్డర్లు వస్తాయి.

ఎందుకు వచ్చాయి? వేణువు వల్లా, నిడివి వల్లా, తగ్గింపు వల్లా? చెప్పడానికి దారి లేదు. మూడు వీడియోల మధ్య ఏడెనిమిది తేడాలున్నాయి. డబ్బు ఖర్చయింది, ఆర్డర్లు వచ్చాయి, కానీ తర్వాతి వీడియో ఎలా ఉండాలో యజమానికి ఒక్క ముక్క కూడా తెలియలేదు. ఇందులో ఎడిటర్ తప్పేమీ లేదు. ఏ ప్రశ్నకు జవాబు కావాలో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ సమస్య ఇన్‌స్టాగ్రామ్‌తో పుట్టిందేమీ కాదు. అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అనే ప్రకటనల రచయిత 1923లో ‘సైంటిఫిక్ అడ్వర్టైజింగ్’ అనే చిన్న పుస్తకం రాశాడు. అప్పట్లో పత్రికా ప్రకటనల కింద కత్తిరించి పంపే కూపన్లు ఉండేవి. ఏ ప్రకటన కూపన్ ఏదో గుర్తుపట్టేలా వాటిపై సంకేతాలు వేసేవారు. ఏ శీర్షికకు ఎన్ని కూపన్లు తిరిగొచ్చాయో లెక్కపెట్టేవారు. ఇప్పుడు లెక్కపెట్టడం యంత్రమే చూసుకుంటోంది. ఏది దేనితో పోల్చాలో నిర్ణయించే పని మాత్రం ఇంకా మనుషులదే. ఆ నిర్ణయం కాగితం మీదికి ఎక్కాల్సింది బ్రీఫ్‌లో.

ఒక ఉదాహరణను చివరిదాకా నడిపి చూద్దాం. హైదరాబాద్ శివారులో చెక్క గానుగ పెట్టుకుని పల్లీ నూనె ఆడించి, ఐదు లీటర్ల క్యాన్లలో ఆన్‌లైన్‌లో అమ్మే ఒక చిన్న సంస్థ ఉందనుకుందాం. బ్రీఫ్ రాసే ముందు యజమానురాలు చేయాల్సిన పని, కొనకుండా వెళ్ళిపోయినవాళ్ళు ఏమని అడిగారో వెతకడం. ఫోన్ కాల్స్‌లో, వాట్సాప్ మెసేజ్‌ల్లో ఎక్కువగా రెండు మాటలు కనిపిస్తాయి. “ఇది నిజంగా గానుగదేనా, ఏమైనా కలిపారా?” అన్నది ఒకటి. “షాపులో దొరికే దానికంటే ఇంత ధర ఎందుకండీ?” అన్నది రెండోది. ఇవి రెండు వేర్వేరు సందేహాలు. మొదటిది నమ్మకం గురించి, రెండోది డబ్బు గురించి. కొనేవాళ్ళని ఎక్కువగా ఆపుతున్నది ఏది? పరీక్షించాల్సిన ప్రశ్న ఇదే.

ప్రతి వేరియంట్‌కీ బ్రీఫ్‌లో మొదట ఒక వాక్యం రాయాలి: “ఈ వీడియో చూసినవాళ్ళు ఫలానా సంగతి నమ్మితే కొంటారు.” మొదటి వేరియంట్‌కి ఆ సంగతి, పల్లీల మూట విప్పడం నుంచి క్యాన్ మూత పెట్టేదాకా ఇంకేదీ కలవడం లేదని. రెండోదానికి, ఒక లీటరు నూనెకి రెండు కిలోలకు పైగా పల్లీ గింజలు పడతాయి కాబట్టి ఈ ధర న్యాయమైనదేనని. ఆ వాక్యంలో ‘మరియు’ దూరిందంటే అక్కడ రెండు ఆలోచనలున్నట్టే, విడదీయాలి. “స్వచ్ఛమైనది, పైగా ఆరోగ్యకరం, పైగా అమ్మమ్మ కాలం నాటిది” అని రాస్తే ఎడిటర్ మూడింటినీ 25 సెకన్లలో ఇరికిస్తాడు. ఆరోగ్యం మాట మొదటే పక్కన పెట్టడం మంచిది. ఆహార పదార్థాల మీద రుజువు లేని ఆరోగ్య వాదనలు చట్టపరంగా కూడా చిక్కే.

ఇక్కడ చాలామంది ఒక అపార్థంలో పడతారు. ఒక్క ఆలోచనే మారాలంటే వీడియోలో ఒక్క షాటే మారాలని అనుకుంటారు. అలా కాదు. ఆలోచన మారితే దాన్ని చూపించే దృశ్యాలూ మాటలూ మారక తప్పదు. నమ్మకం వీడియోలో కెమెరా మూట దగ్గర మొదలై, గానుగ చుట్టూ తిరిగి, క్యాన్ దాకా కట్ లేకుండా వెళ్ళాలి. ధర వీడియోలో త్రాసు కావాలి. ఒక పళ్ళెంలో పల్లీలు పోస్తూ, పక్కన లీటరు సీసా పెట్టాలి. ఈ తేడాలన్నీ ఆ ఒక్క ఆలోచన కోసం వచ్చినవే కాబట్టి ఉండొచ్చు. ఆలోచనకు సంబంధం లేకుండా మారేవే పరీక్షను పాడుచేస్తాయి. అందుకే బ్రీఫ్‌లో “ఇవి మారకూడదు” అనే భాగాన్ని “ఇది మారాలి” అనే భాగం కంటే ఎక్కువ ఓపికగా రాయాలి.

మన ఉదాహరణలో ఆ భాగం ఇలా ఉంటుంది. రెండు వీడియోల్లోనూ మాట్లాడేది యజమానురాలే, అదే చీరలో. రెండూ ఒకే రోజు, ఒకే గానుగ షెడ్డులో, ఒకే పూట తీయాలి. నిడివి 25 సెకన్లు. మ్యూజిక్ ఒకటే, దాని శబ్దస్థాయి కూడా ఒకటే. సబ్‌టైటిల్స్ ఫాంటు, సైజు, రంగు ఒకటే. చివరి ఆరు సెకన్లు అచ్చం ఒకే ముక్క: క్యాన్, ధర, ఆర్డర్ చేయమనే మాట. అంటే ఎడిటర్ చేతిలో మారేది మొదటి 19 సెకన్లు మాత్రమే. యాడ్ పక్కన రాసే వాక్యాల్లోనూ ఆ ఆలోచన వరకే మారాలి. తగ్గింపు రెండింటికీ ఉండాలి, లేదా రెండింటికీ ఉండకూడదు.

‘ఒకే పూట’ అన్నది చాదస్తం కాదు. నమ్మకం వీడియోని పొద్దుటి ఎండలో తీసి, ధర వీడియోని సాయంత్రం ట్యూబ్‌లైట్ కింద తీస్తే మొదటిదే గెలవచ్చు. అప్పుడు మనం జనానికి నమ్మకమే ముఖ్యమని రాసుకుంటాం, నిజానికి గెలిచింది ఎండ. పనితనంలో తేడా ఎవరి కంటికీ ఆనదు కాబట్టి ఇది మరీ ప్రమాదం. ఎడిటర్‌కి ఒక ఆలోచన నచ్చి, దాని మీద రెండింతలు శ్రద్ధ పెట్టినా ఇదే జరుగుతుంది. “రెండిట్లో ఏది గెలిచినా మనకు లాభమే, రెండింటికీ సమానంగా పనిచెయ్యండి” అని బ్రీఫ్‌లో రాయడం నాకు అవసరమనిపిస్తుంది.

క్లిక్ చేశాక తెరుచుకునే పేజీ సంగతి ఇంకా తరచుగా మరిచిపోతారు. ఆ పేజీ నిండా గానుగ ఫొటోలూ స్వచ్ఛత మాటలే ఉంటే, ధర వీడియో చూసి వచ్చినవాళ్ళకి తమ ప్రశ్నకు జవాబు అక్కడ దొరకదు. ఆ ఆలోచన యాడ్‌లో కాదు, పేజీలో ఓడిపోతుంది. కాబట్టి రెండు వీడియోలకూ ఒకే పేజీ పెట్టి, రెండు సందేహాలకూ ఆ పేజీలో సమానమైన చోటివ్వాలి.

డిజైనర్‌కి చెప్పాల్సిన కొలతలు కొన్నే. రీల్స్ కోసం 1080 × 1920. ఆ ఫ్రేములో అడుగున మూడో వంతుకు పైగా భాగాన్ని బటన్లూ అకౌంటు పేరూ వివరణా కప్పేస్తాయి, పైన కూడా కొంత పోతుంది. “లీటరుకి రెండు కిలోల పల్లీలు” అన్న అసలు మాట అడుగున పడితే అది ఎవరికీ కనబడదు. చాలామంది శబ్దం ఆపి చూస్తారు కాబట్టి, ఆలోచన అక్షరాల్లో కూడా మొదటి మూడు సెకన్లలోనే కనిపించాలని రాయాలి. ఫైల్ పేరులో ఆలోచన ఉండాలి: `GN_T01_NAMMAKAM_25S_9x16.mp4`, `GN_T01_DHARA_25S_9x16.mp4`. “ఫైనల్ న్యూ 2” అని పేరు పెట్టిన వీడియో దేన్ని పరీక్షించిందో నెల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇన్ని కట్టుబాట్లు పెడితే ఎడిటర్‌కి ఊపిరాడుతుందా అని అడగొచ్చు. స్వేచ్ఛ ఎక్కడుందో కూడా బ్రీఫే చెప్పాలి. త్రాసు ఏ కోణంలో చూపాలి, పల్లీలు ఎంత వేగంగా పోయాలి, కట్ ఎక్కడ పడాలి, ఇవన్నీ అతని ఇష్టం. నమూనాగా ఏదైనా వీడియో పంపితే అందులో ఏది తీసుకోవాలో రాయాలి: “మొదటి షాటు చూడండి, మ్యూజిక్ వద్దు.” ఆ మాట లేకపోతే నమూనా మొత్తం అనుకరణకు వస్తుంది.

ఎన్ని వేరియంట్లు కావాలన్నది ఉత్సాహాన్ని బట్టి కాదు, డబ్బును బట్టి తేలాలి. ఈ సంస్థకి ఒక్కో ఆర్డరు రావడానికి యాడ్ ఖర్చు రూ.300 అవుతుందనుకుందాం. ఒక్కో వేరియంట్‌కి సుమారు 50 ఆర్డర్లు రావాలంటే రెండింటికి రూ.30,000 కావాలి, ఐదింటికి రూ.75,000. అంత లేనప్పుడు ఐదు వేరియంట్లు తీయిస్తే ఒక్కోదానికి పదేసి ఆర్డర్లు వస్తాయి, వాటిలో ఏ తేడా కనిపించినా అది కాకతాళీయం కావచ్చు. ఇంట్లో కూర్చుని వేసుకోగల లెక్క ఒకటుంది. ఖర్చు సమానంగా పెట్టినప్పుడు, రెండు వేరియంట్ల ఆర్డర్లు కలిపి ఆ మొత్తానికి వర్గమూలం తీసి, రెట్టింపు చేయాలి. తేడా అంతకు తక్కువైతే గెలుపని అనొద్దు. మొత్తం 100 ఆర్డర్లు వస్తే వర్గమూలం 10, రెట్టింపు 20. 60–40 అయితే ఆలోచించదగ్గ తేడా. 55–45 అయితే ఏమీ తెలియలేదనే అర్థం. బటన్ రంగు లాంటి చిన్న మార్పులను చిన్న సంస్థలు పరీక్షించకపోవడమే మేలని నేననేది ఇందుకే. అంత సన్నని తేడాను పట్టుకునేన్ని ఆర్డర్లు వాళ్ళకి రావు.

ఖర్చు సమానంగా ఉండాలంటే రెండు వీడియోలనూ ఒకే యాడ్ సెట్‌లో వదిలేయకూడదు. మెటా వ్యవస్థ మొదటి రోజుల్లోనే ఒకదానివైపు మొగ్గి డబ్బంతా దానికే మళ్ళిస్తుంది, రెండోదాన్ని చాలా తక్కువమంది చూస్తారు. యాడ్స్ మేనేజర్‌లోని ఎ/బి టెస్ట్ వాడితే జనాన్ని రెండుగా విడదీసి చూపిస్తుంది, ఒకరికి ఒక వీడియోనే వెళ్తుంది. రెండూ ఒకే రోజుల్లో నడవాలి. ఒకటి సంక్రాంతి ముందు వారం, రెండోది తర్వాతి వారం నడిపితే గెలిచేది పిండివంటల నూనె గిరాకీ.

ఫలితాన్ని ఎలా చదవాలో వీడియో తీయకముందే బ్రీఫ్ కింద రాసిపెట్టుకోవాలి. మొదట చూడాల్సింది, వీడియో కనబడినవారిలో మూడు సెకన్లు నిలిచినవారి వాటా. అది రెండింటికీ దాదాపు సమానంగా ఉండి, ఆర్డర్లలో పెద్ద తేడా వస్తే ఆ తేడా ఆలోచనదని చెప్పుకోవచ్చు. ధర వీడియోని మూడు సెకన్లు చూసినవాళ్ళే చాలా తక్కువైతే కథ వేరు. అక్కడ ధర అనే ఆలోచన ఓడిపోలేదు, అది చాలామంది చెవిన పడనేలేదు. ఆలోచనను కొట్టేయకుండా మొదటి షాటు మాత్రం మార్చి మళ్ళీ నడపాలి. పల్లీలు పోస్తూ మొదలుపెట్టే బదులు, క్యాన్ మీద ధరను నేరుగా చూపిస్తూ మొదలుపెట్టొచ్చు.

ధర వీడియో 64–36తో గెలిచిందనుకుందాం. రెండో బ్రీఫ్‌లో ఆ ఆలోచన ‘మారకూడదు’ భాగంలోకి వెళ్తుంది. కొత్త ప్రశ్న: ఆ మాట యజమానురాలు చెప్తే నమ్ముతారా, నూనె కొన్న ఒక ఇల్లాలు తన వంటింట్లో నిలబడి చెప్తేనా? త్రాసు, 25 సెకన్లు, చివరి ఆరు సెకన్ల ముక్క అన్నీ అలాగే ఉంటాయి. చోటు కూడా మారిపోకుండా ఇద్దరినీ ఒకే వంటింట్లో నిలబెట్టాలి. ఆ కాగితంతోపాటు మొదటి పరీక్షలో ఏ సెకను దగ్గర జనం వీడియో వదిలేశారో చూపించే గ్రాఫు కూడా ఎడిటర్‌కి పంపాలి. ఎడిటర్లకి ఇది చాలా అరుదుగా అందుతుంది. 11వ సెకను దగ్గర గీత ఒక్కసారిగా పడిపోతే, అక్కడ తాను పెట్టిన షాటేమిటో, ఎందుకు పెట్టాడో తెలిసినవాడు అతనొక్కడే.