కమీషన్ చెల్లింపు సందేశాన్ని తిరగరాయడం: లెక్క, అభ్యంతర గడువు

వ్యాపార సంస్థలో మీకు ఉద్యోగం వస్తే మొదట్లో అప్పగించే పనుల్లో ఒకటి నెలనెలా ఏజెంట్లకు కమీషన్ వివరం పంపడం. చూడటానికి ఇది చిన్న పనే. కానీ ఏజెంటుకు జీతం ఉండదు, ఆ సందేశంలో కనిపించే అంకెతోనే ఇల్లు గడవాలి. అంకె ఎలా వచ్చిందో అర్థం కాకపోతే సంస్థ మోసం చేసిందనే అనుకుంటారు. నిజంగా పొరపాటు జరిగినా దాన్ని పట్టుకోలేరు. ఈ భాగంలో అలాంటి ఒక సందేశాన్ని తీసుకుని, అందులో లోపం ఎక్కడుందో చూసి, తిరగరాద్దాం.

1. పాత సందేశం

విజయవాడలోని ఒక సంస్థ వాటర్ ప్యూరిఫయర్లు అమ్ముతుందనుకుందాం. గుడివాడలో పనిచేసే ఒక ఏజెంటుకు 2025 ఆగస్టు 8న ఫోనులో ఈ సందేశం వచ్చింది:

"ప్రియమైన భాగస్వామీ, జులై 2025 నెలకు గాను మీ కమీషన్ స్టేట్‌మెంట్ (తేదీ 05.08.2025) రూపొందించబడినది. వర్తించు స్లాబులు, రివర్సల్స్, చట్టబద్ధ మినహాయింపులకు లోబడి నికర చెల్లింపు రూ. 6,468. వ్యత్యాసములేమైనా ఉన్నచో 7 రోజులలోగా తెలియజేయవలెను. లేనియెడల స్టేట్‌మెంట్ అంగీకరించినట్లు భావించబడును."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా చదివిన ఆమె ఫోను పక్కన పెట్టి తన నోటుపుస్తకం తెరిచింది. ఆ నెలలో ఆమె 15 ప్యూరిఫయర్లకు ఆర్డర్లు తెచ్చింది. ఒక్కోదాని ధర జి.ఎస్.టి.తో కలిపి రూ. 11,800. పదికి మించి అమ్మితే 7 శాతం ఇస్తామని చెప్పారు. ఆ లెక్కన 15 × 11,800లో 7 శాతం రూ. 12,390 రావాలి. వచ్చింది దాదాపు సగం. మిగతా రూ. 5,922 ఏమైందో సందేశం చెప్పలేదు.

2. ఆమె అంకె నుంచి సంస్థ అంకె దాకా

తిరగరాసే ముందు మీరు చేయాల్సిన పని ఇదే. సంస్థ లెక్కను మాత్రమే చూసుకుంటే చాలదు. ఏజెంటు ఇంట్లో కూర్చుని ఏ లెక్క వేసుకుంటారో అదీ వేసి, ఒక అంకె నుంచి మరొకదానికి మెట్టు మెట్టుగా దిగాలి. ఒక్కో మెట్టు ఒక్కో అపోహను బయటపెడుతుంది.

మొదటి మెట్టు జి.ఎస్.టి. రూ. 11,800లో 1,800 పన్ను, అంటే 10,000పై 18 శాతం. అది సంస్థ ఆదాయం కాదు, ప్రభుత్వానికి కట్టేది. కాబట్టి ఒప్పందంలో కమీషన్ 10,000 మీదే అని రాశారు. పదిహేనింటికి 7 శాతం అనుకున్నా 10,500 మాత్రమే. ఇక్కడ 1,890 తగ్గింది.

రెండో మెట్టు వసూలు. ఆర్డరు బుక్ అయిన రోజున కాక, కొన్నవారి నుంచి పూర్తి డబ్బు సంస్థకు అందిన రోజున కమీషన్ లెక్కలోకి వస్తుంది. జులై 31 నాటికి 13 యంత్రాలకే పూర్తి డబ్బు వచ్చినట్టు సంస్థ పుస్తకాల్లో ఉంది. రెండు తగ్గడంతో ఇంకో 1,400 పోయింది. ఇది పూర్తిగా పోయినట్టు కాదు, తర్వాతి నెలకు వెళ్లింది.

మూడో మెట్టు స్లాబు. అన్నిటికంటే ఎక్కువ గొడవ ఇక్కడే వస్తుంది. "పదికి మించితే 7 శాతం" అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. పది దాటగానే అన్నిటికీ 7 శాతం అన్నది ఒకటి. మొదటి పదికి 5 శాతమే, పైవాటికి మాత్రం 7 శాతం అన్నది రెండోది. ఈ సంస్థ ఒప్పందం రెండోది చెబుతోంది. మొదటి పదింటికి 500 చొప్పున 5,000, తర్వాతి మూడింటికి 700 చొప్పున 2,100, మొత్తం 7,100. ఈ ఒక్క మాట తేడాతో ఆమె లెక్కలో 2,000 తగ్గింది.

నాలుగో మెట్టు వాపసు. జూన్‌లో ఆమె అమ్మిన తొమ్మిదింటిలో ఒకటి జులైలో వెనక్కి వచ్చింది. ఆ నెలలో పది దాటలేదు కాబట్టి దానికి ఇచ్చింది 500. ఇచ్చిన రేటుకే తిరిగి తగ్గించాలి. మిగిలింది 6,600.

అయిదో మెట్టు టి.డి.ఎస్. ఆదాయపు పన్ను చట్టం 194హెచ్ సెక్షన్ ప్రకారం 2025-26లో ఒక ఏజెంటుకు ఏడాది కమీషన్ రూ. 20,000 దాటితే 2 శాతం మినహాయించాలి. వేసవి అమ్మకాలతో ఆమె ఆ పరిమితి దాటింది. 6,600లో 2 శాతం 132. అది తీసివేస్తే 6,468.

అయిదు మెట్లలో తగ్గినవి 1,890, 1,400, 2,000, 500, 132. కలిపితే సరిగ్గా 5,922. ఇలా పైసా మిగలకుండా కలిస్తేనే మీరు లెక్కను అర్థం చేసుకున్నట్టు. కలవకపోతే రాయడం ఆపండి. లోపం మీ అవగాహనలోనైనా ఉంది, సంస్థ లెక్కలోనైనా ఉంది.

3. గడువు ఎప్పటి నుంచి?

"7 రోజులలోగా" అన్న మాటను పరిశీలించండి. స్టేట్‌మెంట్ తేదీ ఆగస్టు 5. అక్కడి నుంచి లెక్కిస్తే గడువు 12తో ముగుస్తుంది. సందేశం చేరింది 8వ తేదీ శుక్రవారం. 9 రెండో శనివారం, 10 ఆదివారం. అంటే ఆఫీసులో ఎవరినైనా అడగడానికి ఆమెకు మిగిలినవి సోమ, మంగళవారాలే. ఎవరిని అడగాలో, ఏం పంపాలో, జవాబు ఎప్పుడొస్తుందో సందేశంలో లేదు.

ఇక్కడ మీ పరిధిని గుర్తుంచుకోండి. సందేశం రాసేవారు గడువును సృష్టించరు, పొడిగించరు, తగ్గించరు. ఒప్పందంలో ఉన్నదాన్నే తేదీగా మార్చి చెబుతారు. మన ఉదాహరణలో ఒప్పందం తీసి చూస్తే "వివరం ఏజెంటుకు అందిన నాటి నుంచి 10 రోజులు" అని ఉంది. పాత సందేశంలోని 7 రోజులు ఎవరో ఎప్పుడో వేరే ఉత్తరం నుంచి తెచ్చి అతికించినవి. 8న అందింది కాబట్టి చివరి రోజు ఆగస్టు 18, సోమవారం. "సాయంత్రం 5 లోపు" అని కూడా చేర్చకండి. ఒప్పందం రోజులు ఇచ్చినప్పుడు మనం గంటలు కోయకూడదు.

"అంగీకరించినట్లు భావించబడును" అన్న వాక్యం భయపెట్టడానికే తప్ప సమాచారానికి పనికిరాదు. పైగా, గడువు ముగియడంతోనే ఒకరి హక్కు నశిస్తుందనే షరతు ఆ మేరకు చెల్లదని 1872 భారత కాంట్రాక్టుల చట్టం 28వ సెక్షన్ చెబుతోంది. కాబట్టి గడువు తర్వాత హక్కు పోతుందని ధ్వనించేలా రాయకండి. గడువు లోపల రాస్తే సంస్థ ఏం చేస్తుందో రాయండి.

4. తిరగరాసిన సందేశం

"నమస్తే మేడం. మీ జులై కమీషన్ రూ. 6,468. ఆగస్టు 11, సోమవారం మీ బ్యాంకు ఖాతాలో జమ అవుతుంది.

లెక్క ఇది:
బుక్ అయినవి 15. జులై 31 నాటికి పూర్తి డబ్బు అందినవి 13.
మొదటి 10కి, ఒక్కోదానికి 500 (10,000లో 5%): 5,000
తర్వాతి 3కి, ఒక్కోదానికి 700 (10,000లో 7%): 2,100
జూన్ అమ్మకంలో వాపసు వచ్చిన 1 (బిల్లు 0388): తగ్గింపు 500
కమీషన్: 6,600
టి.డి.ఎస్. 2%: తగ్గింపు 132
మీకు వచ్చేది: 6,468

కమీషన్ జి.ఎస్.టి. కలపని ధర మీద లెక్కిస్తాం. 0431, 0436 బిల్లులకు ఇంకా పూర్తి డబ్బు అందలేదు, అందిన నెల లెక్కలో చేరుస్తాం. టి.డి.ఎస్. మీ పాన్ పేరున ప్రభుత్వానికి కడతాం, ఫారం 26ఏఎస్‌లో చూసుకోవచ్చు.

లెక్కలో తేడా ఉందనిపిస్తే ఆగస్టు 18, సోమవారం వరకు ఈ నంబరుకే రాయండి. బిల్లు నంబరు, మీ లెక్క ప్రకారం రావాల్సిన మొత్తం, రసీదు ఫొటో పంపండి. ఆగస్టు 25 లోపు జవాబిస్తాం. తేడా నిజమైతే ఆ మొత్తం ఆగస్టు కమీషన్‌తో కలిపి ఇస్తాం. 11న జమయ్యే డబ్బు తీసుకున్నంత మాత్రాన లెక్క ఒప్పుకున్నట్టు కాదు."

కొత్త సందేశం పాతదానికంటే చాలా పొడవు. నేను తరగతిలో ఈ పాఠం చెప్పినప్పుడు విద్యార్థులు మొదట అడిగేది దీని గురించే. జవాబు ఏమిటంటే, చదివేవారికి కావలసిన రెండు విషయాలు, ఎంత, ఎప్పుడు అన్నవి, మొదటి రెండు వాక్యాల్లోనే దొరికాయి. మిగతాది అనుమానం వచ్చినవారు చదువుకుంటారు. 25వ తేదీ లాంటి హామీని మాత్రం లెక్కల విభాగాన్ని అడిగి, వారు సరేనన్నాకే రాయాలి.

5. సందేశం పనిచేసిందని ఎలా తెలుస్తుంది?

పాత సందేశం అందుకున్న ఏజెంటు "నా డబ్బు తక్కువ వచ్చింది" అని మాత్రమే అనగలదు. కొత్తది చదివాక ఆమె ఇలా రాసింది: "0431 బిల్లు మిగతా డబ్బు జులై 31 రాత్రే యు.పి.ఐ.లో కట్టారు. ఫొటో పంపుతున్నాను." సంస్థ బ్యాంకు ఖాతా చూస్తే డబ్బు 31నే అందింది. పుస్తకంలో మాత్రం మర్నాడు ఎక్కించారు. ఆమె మాటే నిజం.

తర్వాతి నెలలో ఎలాగూ వచ్చేదే కదా అనిపించవచ్చు. కాదు. జులైలో అది పద్నాలుగోది, కాబట్టి 700. ఆగస్టులో ఆమె పది దాటకపోతే అదే యంత్రానికి 500. ఒక్క రోజు పొరపాటు విలువ 200 రూపాయలు. ఇప్పుడు ఆమెకు 700, అందులో టి.డి.ఎస్. 14 పోను 686 అదనంగా ఇవ్వాలి. ఆ బిల్లును ఆగస్టు లెక్కలో మళ్లీ చేర్చకూడదు. బిల్లు నంబర్లు సందేశంలో ఎందుకు ఉండాలో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అభ్యంతరాలు పూర్తిగా ఆగిపోవాలని చూడకండి. "తక్కువ వచ్చింది" అనేవి తగ్గి, బిల్లు నంబరుతో వచ్చేవి మిగిలితే సందేశం పనిచేస్తున్నట్టే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

అదే సంస్థలో మరో ఏజెంటు 12 బుక్ చేశారు. 11కు పూర్తి డబ్బు వచ్చింది. వాపసులు లేవు. ఏడాది కమీషన్ 20,000 దాటింది. (అ) ఆయనకు వచ్చేది ఎంత? (ఆ) ఆయన తన లెక్కలో ఎంత ఆశించి ఉంటారు? (ఇ) ఈ తేడాను మెట్లుగా చూపి సందేశం రాయండి.

జవాబులు: (అ) 5,000 + 700 = 5,700. టి.డి.ఎస్. 114 పోను రూ. 5,586. (ఆ) 12 × 11,800లో 7 శాతం, రూ. 9,912. (ఇ) తగ్గినవి వరుసగా జి.ఎస్.టి. 1,512, వసూలు 700, స్లాబు 2,000, టి.డి.ఎస్. 114, మొత్తం 4,326. మీ సందేశంలోని మెట్లు ఈ మొత్తానికి చేరాయో లేదో సరిచూసుకోండి.