ఉడికించినా పోని విషం

మజ్జిగ పులుసు ఎంతసేపు మరిగించినా పులుపు పోదు. పాలను తోడుపెట్టిన సూక్ష్మజీవులు ఆ వేడికి చచ్చిపోతాయి, అవి తయారుచేసిన ఆమ్లం మాత్రం గిన్నెలోనే ఉంటుంది. ట్యూనా, కనగర్త చేపల్లో పుట్టే హిస్టమిన్ సంగతీ ఇదే. కాకపోతే పెరుగు పులిస్తే నాలుక పసిగడుతుంది. ఇది చాలాసార్లు నాలుకకు గానీ ముక్కుకు గానీ దొరకదు.

కనగర్తకు శాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరు రాస్ట్రెల్లిగర్ కనగుర్త. విశాఖపట్నం చేపల మీద ప్యాట్రిక్ రసెల్ 1803లో అచ్చువేసిన పుస్తకం నుంచి వెళ్లిన మన మాటే అది. ఈ చేపా, ట్యూనా ఒకే కుటుంబానివి. రెండూ ఆగకుండా ఈదుతాయి, రెండింటి కండలోనూ హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం విడిగా, పుష్కలంగా ఉంటుంది. చేప బతికున్నంతకాలం దానివల్ల ఏ హానీ లేదు. చచ్చాక మొప్పల్లో, పేగుల్లో ఉన్న బ్యాక్టీరియా కండలోకి పాకుతుంది. వాటిలో కొన్నింటి దగ్గర ఒక ఎంజైము ఉంటుంది. అది హిస్టిడిన్ నుంచి బొగ్గుపులుసు వాయువును ఊడదీస్తుంది, మిగిలేది హిస్టమిన్. మంచులో ఈ పని నత్తనడకన సాగుతుంది. 30 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు చాలు.

ట్యూనాతో మరో చిక్కుంది. దాని ఒళ్లు చుట్టూ ఉన్న నీటికన్నా వెచ్చగా ఉంటుంది. పెద్ద చేపకు పైన మంచు పోసినా లోపలి కండ చల్లబడటానికి చాలాసేపు పడుతుంది. గాలానికి చిక్కి నీళ్లలోనే చచ్చి, గంటల తర్వాత పడవలోకి వచ్చే చేపలూ ఉంటాయి. అందుకే అమెరికా ఆహార, ఔషధ సంస్థ గడువును పడవలోకి చేరిన క్షణం నుంచి కాక చచ్చిన క్షణం నుంచి లెక్కిస్తుంది. గాలి గానీ నీరు గానీ 28.3 డిగ్రీలు దాటి ఉంటే 6 గంటల్లోపు చేప మంచులో పడాలని దాని సూచన. వేసవిలో బంగాళాఖాతం ఆ గీత దాటేసే ఉంటుంది.

ఆ గడువు దాటిన చేపను ఎంత గట్టిగా ఉడికిస్తే సరిపోతుంది? 1973లో అమెరికాలో డబ్బా ట్యూనా తిని 232 మంది జబ్బుపడ్డారు. డబ్బా చేపను మూత బిగించాక ఆవిరి ఒత్తిడిలో 100 డిగ్రీలు దాటించి ఉడికిస్తారు. మన ఇంట్లో పులుసు ఆ వేడికి చేరదు. అయినా హిస్టమిన్ చెక్కుచెదరలేదు. ఎంజైము ప్రోటీను కాబట్టి, పొడవైన దారం ఉండ చుట్టుకున్నట్టు ఉంటుంది. కోడిగుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్టే, ఆ ఉండ చెదిరి పనికిరాకుండా పోతుంది. హిస్టమిన్‌లో అలా చెదరడానికి మడతలే లేవు. అదొక చిన్న, గట్టి అణువు. ఆవిరై పోయేదీ కాదు. చింతపండు పులుపు దాన్ని విరగ్గొట్టదు. పైగా అది నీటిలో కరుగుతుంది కాబట్టి ముక్కలోంచి కొంత పులుసులోకి దిగుతుంది. ముక్క పక్కన పెట్టి పులుసు మాత్రమే కలుపుకున్నా వాటా అందుతుంది. ఫ్రీజరూ అంతే. బ్యాక్టీరియాను ఆపుతుంది గానీ అప్పటికే తయారైన ఎంజైమును చంపదు. చేప కరిగాక ఎంజైము మళ్లీ పనిలో పడుతుంది.

ఒక లెక్క చూద్దాం. 100 గ్రాముల ట్యూనాలో 1 గ్రాము హిస్టిడిన్ ఉందనుకుందాం. అందులో పదో వంతు మారినా సుమారు 70 మిల్లీగ్రాముల హిస్టమిన్ పుడుతుంది. ఆరోగ్యవంతులు ఒక పూట 50 మిల్లీగ్రాముల వరకు తట్టుకుంటారని ఎఫ్‌ఏఓ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2012లో తేల్చారు. అంటే 100 గ్రాములు తింటేనే హద్దు దాటుతుంది.

తిన్న కొద్ది నిమిషాల నుంచి గంట, రెండు గంటల్లోపే ముఖం, మెడ ఎర్రబడి కాగుతాయి. తలనొప్పి, గుండెదడ, దద్దుర్లు, విరేచనాలు రావచ్చు. కొందరికి తింటున్నప్పుడే నోట్లో మిరియం కొరికినట్టు చురుక్కుమంటుంది. చాలామంది దీన్ని చేప పడకపోవడం అనుకొని జన్మంతా చేప మానేస్తారు. అదే చేప తిన్న నలుగురికీ ఒకేసారి వస్తే, అదివరకు హాయిగా తిన్న మనిషికి వస్తే, అనుమానించాల్సింది చేప ఉన్న తీరును. అయితే హిస్టమిన్ చేపంతటా సమంగా ఉండదు. ఒకే పళ్లెంలో ఒక ముక్క తిన్నవాళ్లు పడిపోతే, పక్క ముక్క తిన్నవాళ్లు బాగానే ఉండొచ్చు. యాంటీహిస్టమిన్ మాత్రతో సాధారణంగా కొన్ని గంటల్లో తగ్గుతుంది. ఊపిరి అందకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

మన దేశంలో ఇంకో సంగతి కూడా తెలిసి ఉండాలి. క్షయకు వాడే ఐసోనియజిడ్ మాత్ర, పేగుల్లో హిస్టమిన్‌ను విరగ్గొట్టే మన సొంత ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ మందు వాడేవాళ్లకు ఇతరులను ఏమీ చేయని మోతాదు కూడా చాలు. మాత్రలు నడుస్తున్నన్నాళ్లు ట్యూనా, కనగర్తల గురించి డాక్టరును ముందే అడగాలి. చేప పడలేదని మందు మాత్రం మానకూడదు.